పీడీఎఫ్‌ని వర్డ్‌లోకి మార్చే పని: రేటు, టైమ్ ఎందుకు మారాయంటే

"పీడీఎఫ్‌ని వర్డ్‌లోకి మార్చడం ఒక్క బటన్ నొక్కితే అయిపోయే పనే కదండీ, మీరేమో రెండు రోజులు ఆగమంటున్నారు, పైగా పేజీకి 30 రూపాయలంటున్నారు, ఎందుకు?"

బటన్ వరకూ మీరన్నది నిజమేనండి. వర్డ్ 2013 నుంచి పీడీఎఫ్‌ని నేరుగా Open చేస్తే చాలు, అదే మార్చి పెడుతుంది. అలా మార్చి ఇచ్చేసే పనికి మా షాపులో ఇప్పటికీ పేజీకి 10 రూపాయలే. 30 అన్నది రెండు కాలమ్స్ ఉన్న తెలుగు ఫైళ్లకి, పేరాలన్నీ సరిచేసి, మీరు మళ్లీ ఎడిట్ చేసుకునేలా ఇచ్చే పనికి. ఈ తేడా ముందే పెట్టాల్సింది, పెట్టలేదు. దానివల్ల మా చేతుల్లోనే ఒక పొరపాటు జరిగింది, అదేంటో ముందు చెప్తాను.

పోయిన కార్తీకంలో అంబాజీపేట వైపు కొబ్బరి రైతులు కొందరు 16 పేజీల చిన్న పుస్తకం పీడీఎఫ్ తెచ్చారు. అసలు ఫైలు చేసిన ఆయన దగ్గర కంప్యూటర్ పాడైపోయింది, చేతిలో పీడీఎఫ్ ఒక్కటే మిగిలింది. అందులో కొన్ని పేజీలు మార్చి మళ్లీ అచ్చు వేయించాలని వాళ్ల ఉద్దేశం. అమలాపురంలో మా షాపుకి వచ్చారు, గంటలో వర్డ్ ఫైలు ఇచ్చాను. పైపైన చూస్తే అంతా తెలుగే, అక్షరాలు బాగానే ఉన్నాయి. వాళ్లు 200 కాపీలు వేయించుకున్నారు. తర్వాత ఒక రైతు చదివి ఫోన్ చేశారు, ఎర్రముక్కు పురుగు గురించి రాసిన చోట ఇనుప కొక్కెంతో మొవ్వులోంచి పురుగును లాగేయమని ఉందేంటండీ, అది కొమ్ము పురుగుకి చేసే పని కదా అని. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కొమ్ము పురుగు మొవ్వులో దూరి ఆకును కొరుకుతుంది కాబట్టి కొక్కెంతో దొరుకుతుంది, ఎర్రముక్కు పురుగు పిల్లలు కాండం లోపల తొలుస్తాయి, వాటికి ఆ పని కుదరదు. అసలు పుస్తకంలో ఎడమ కాలమ్‌లో కొమ్ము పురుగు, కుడి కాలమ్‌లో ఎర్రముక్కు పురుగు ఉన్నాయి. మార్చేటప్పుడు రెండింటి లైన్లూ కలిసిపోయాయి, నేను చూసుకోలేదు. ఆ 200 కాపీలు వెనక్కి తెప్పించి, సరిచేసి, నా ఖర్చుతోనే మళ్లీ వేయించి ఇచ్చాను. చెట్టు మీద బతికే మనిషి చేతికి తప్పు కాగితం ఇచ్చానన్న బాధ మాత్రం ఇప్పటికీ ఉంది.

ఎందుకలా అవుతుందంటే, చాలా పీడీఎఫ్‌లలో పేరా అనేదే ఉండదు, కాలమ్ అనేదీ ఉండదు. పేజీ మీద ఫలానా అక్షరాలు ఫలానా చోట కూర్చోవాలి అన్న కొలతలు మాత్రమే ఉంటాయి. వాటిని చూసి ఏది పేరా, ఏది కాలమ్ అని వర్డ్ ఊహించుకోవాలి. ఊహ తప్పితే రెండు రకాలుగా దెబ్బ తగులుతుంది. ఒకటి, ప్రతి లైను చివరా ఎంటర్ కొట్టినట్టు విరిగిపోతుంది. రెండోది, ఎడమ కాలమ్ లైనూ దానికి సరిగ్గా పక్కనున్న కుడి కాలమ్ లైనూ ఒకే ఎత్తులో ఉన్నాయి కాబట్టి రెండూ ఒకటే లైను అనుకుని, మధ్యలో ట్యాబ్ పెట్టి కలిపేస్తుంది. లైన్లు విరిగితే చూడగానే తెలుస్తుంది. కాలమ్స్ కలిస్తే చదివితే తప్ప తెలియదు, అసలు ప్రమాదం అక్కడుంది.

అందుకని ఇప్పుడు ముందు కాలమ్స్ విడదీస్తాం, ఆ తర్వాతే లైన్లు కలుపుతాం. ఈ వరస తిరగబడితే ఇక చేసేదేం లేదు, ఎందుకంటే లైన్లు కలిపేశాక కుడి లైను ఎక్కడ ఆగిందో, దాని తర్వాతి ఎడమ లైను ఎక్కడ మొదలైందో గుర్తు మిగలదు. నేను ఆ రోజు చేసింది అదే, ఎంటర్లన్నీ ఒకేసారి తీసేశాను.

ఫైలు తెరవగానే Ctrl+Shift+8 నొక్కితే దాగున్న గుర్తులు కనిపిస్తాయి. లైను చివర ¶ ఉంటే అది పేరా ముగింపు, వంకీ బాణం ఉంటే అది ఉత్త లైన్ బ్రేక్, లైను మధ్యలో కుడివైపు బాణం ఉంటే అది ట్యాబ్. లైను మధ్యలో ట్యాబ్ బాణాలు పేజీ పొడవునా వరసగా దిగుతుంటే కాలమ్స్ కలిసిపోయినట్టే.

కొబ్బరి పుస్తకం రెండోసారి ఇలా చేశాం. ఒక్కో చోట రెండు మూడు ట్యాబ్‌లు వరసగా ఉన్నాయి, Ctrl+H తెరిచి `^t^t` బదులు `^t` అని, ఇక దొరకట్లేదు అనేవరకూ కొట్టాం. తర్వాత ఒక పేజీ వరకే సెలెక్ట్ చేసి, Insert లో Table కింద Convert Text to Table, Tabs దగ్గర విడదీయమని చెప్తే ఆ పేజీ రెండు నిలువు గడుల టేబుల్ అయింది, ఎడమ కాలమ్ ఒక గడిలో, కుడి కాలమ్ ఇంకో గడిలో. ఎక్కడైనా మూడో గడి పుడితే ఆ లైనులో ట్యాబ్ ఎక్కువైందని అర్థం, పుస్తకం చూసి సరిచేయాలి. కుడి గడి మొత్తం కట్ చేసి టేబుల్ కింద పేస్ట్ చేసి, రెండిటినీ Convert to Text తో మళ్లీ మామూలు అక్షరాలుగా మార్చాం. ఇది పేజీ పేజీకీ విడిగానే చేయాలి. 16 పేజీలూ ఒకేసారి చేస్తే పుస్తకం మొత్తంలోని ఎడమ కాలమ్స్ అన్నీ ముందు, కుడివన్నీ చివర వచ్చి పడతాయి. పేజీ అడ్డంగా నిండుగా ఉన్న హెడ్డింగులు, బొమ్మ కింది మాటలు టేబుల్‌లోకి రాకుండా ముందే పక్కకి తీసి పెట్టుకోవాలి.

కొన్ని ఫైళ్లలో వర్డ్ తెలివిగా కాలమ్స్‌ని కాలమ్స్‌గానే పట్టుకుంటుంది. అప్పుడు పని తేలిక. మొత్తం సెలెక్ట్ చేసి Layout లో Columns, One అని పెట్టి, తర్వాత మిగిలిన సెక్షన్ బ్రేకులు `^b`, కాలమ్ బ్రేకులు `^n` తీసేస్తే చాలు. ఇంకొన్నిటిలో ఒక్కో కాలమ్‌ని ఒక్కో టెక్స్ట్ బాక్స్‌లో పెట్టేస్తుంది. Ctrl+A కొట్టినా బాక్సుల్లోని అక్షరాలు సెలెక్ట్ అవవు కాబట్టి ఒక్కొక్కటీ వరసలో కాపీ చేసుకోవాల్సిందే.

ఇక లైన్లు. మామూలుగా పేరాల మధ్య ఖాళీ లైను ఉంటే పని సులువు, కానీ మన పుస్తకాల్లో ఎక్కువ భాగం మొదటి లైను కొంచెం లోపలికి జరిపి పేరా మొదలుపెడతారు, ఖాళీ వదలరు. మార్చాక ఆ జరుపు పోతుంది. చుక్క ఉన్నచోట పేరా అయిపోయిందనుకుందామంటే పేరా మధ్యలోనూ లైను చివర చుక్క పడుతుంది, రూ. అనో డా. అనో లైను ఆగినా చుక్కే. అందుకని పుస్తకం పక్కన పెట్టుకుని ప్రతి పేరా ముందూ, ప్రతి హెడ్డింగు ముందూ చేత్తో `##` టైప్ చేస్తాం. విసుగు పనే, కానీ ఇంతకంటే నమ్మకమైన దారి నాకు దొరకలేదు.

తర్వాత Find and Replace లో ముందు లైన్ బ్రేకు `^l` ని పేరా ముగింపు `^p` గా మార్చి అన్ని బ్రేకులూ ఒకే రకం చేస్తాం. ఆపైన లైను చివర గీత పెట్టి విరిచిన మాటలు. Use wildcards టిక్ పెట్టి ఇది కొడతాం:

```
Find what:     ([!0-9])-^13
Replace with:  \1
```

గీతకి ముందు అంకె ఉంటే వదిలేయమని అందులో ఉంది. లేకపోతే లైను చివర 2019- అనీ కింద 20 అనీ ఉన్న సంవత్సరం 201920 అయిపోతుంది. తర్వాత టిక్ తీసేసి, `^p` బదులు ఒక స్పేస్ పెడితే అంతా ఒకే ముద్ద అవుతుంది, కంగారు పడక్కర్లేదు. ఇప్పుడు `##` బదులు `^p` పెడితే పేరాలు వాటి చోట్లకి వచ్చేస్తాయి. జంట స్పేసులు తీసేసి, Ctrl+A, Ctrl+Q కొడితే లైన్ల మధ్య పిచ్చి కొలతలు కూడా పోతాయి.

ఇంత చేసినా మిగిలేది తెలుగు మాటల సంగతి, రెండు రోజుల్లో సగం దానికే పోతుంది. ఇరుకు కాలమ్‌లో మనవాళ్లు గీత కూడా పెట్టకుండానే మాటను ఎక్కడ కావాలంటే అక్కడ విరుస్తారు. లైను చివర "కొబ్బ", కింద "రికాయలు" ఉంటే, స్పేస్ పెట్టి కలిపినప్పుడు "కొబ్బ రికాయలు" అవుతుంది. స్పేస్ లేకుండా కలుపుదామంటే విడిగా ఉండాల్సిన మాటలు అతుక్కుపోతాయి. ఏది ఏదో మెషిన్‌కి తెలియదు, మనిషి చదవాలి. ఒత్తు గానీ గుణింతం గానీ అక్షరం నుంచి విడిపోయిన చోట చుక్కల సున్నా ఒకటి కనిపిస్తుంది, అది మాత్రం కంటికి ఆనుతుంది. మిగతావి మా ఆవిడా నేనూ ఒకరు పుస్తకం చదువుతుంటే ఒకరు స్క్రీన్ చూస్తూ పట్టుకుంటాం.

ఇంకో మాట, పీడీఎఫ్ తెచ్చేముందు మీరే ఒక పరీక్ష చేయండి. అందులో ఒక లైను సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. తెలుగే వస్తే పైన చెప్పిన పని చాలు. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తే అది అను ఫాంట్ల లాంటి పాత ఫాంట్లలో చేసింది, ముందు యూనికోడ్‌లోకి మార్చాలి. అసలు సెలెక్టే కాకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ. ఈ రెండూ వేరే పనులు, ఫైలు చూడకుండా రేటు చెప్పలేను.

వాట్సాప్‌లో పంపేవాళ్లు పేజీలు ఫొటోలు తీసి పంపకండి, పీడీఎఫ్‌ని డాక్యుమెంట్‌గానే పంపండి. అంతకంటే ముందు, పుస్తకం చేసిన డీటీపీ ఆయన్ని అసలు ఫైలు ఉందేమో ఒక్కసారి అడగండి. అది దొరికితే మా అవసరమే ఉండదు, మీ డబ్బులు మిగులుతాయి.

ఇకనుంచి రెండు కాలమ్స్ పని తీసుకుంటే ముందు ఒక పేజీ చేసి ప్రింట్ ఇస్తాం, మీరు అసలుతో పోల్చి సరే అన్నాకే మిగతావి. అయిపోయాక మొత్తం ప్రింట్ మీ చేత చదివించాకే ఫైలు ఇస్తాం. పోయిన కార్తీకం లోపు మా దగ్గర రెండు కాలమ్స్ ఫైళ్లు చేయించుకున్నవాళ్లు ఉంటే, పీడీఎఫ్, వర్డ్ రెండూ పట్టుకుని రండి. మళ్లీ చూసి, తప్పులుంటే డబ్బులు తీసుకోకుండా సరిచేసి ఇస్తాను.