కిస్తీల దరఖాస్తు తేలేలోపే ఖాతా స్తంభిస్తే ఎలా?

రాష్ట్ర ఆర్థిక, వాణిజ్య పన్నుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. విజయవాడలో చిన్న వ్యాపారుల జీఎస్టీ లెక్కలు చూసే వృత్తి నాది. పన్ను తగ్గించమని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. కట్టడానికి సిద్ధపడినవాడికి చట్టమే ఇచ్చిన వెసులుబాటు చేతికి అందేలా చూడమని కోరుతున్నాను.

జీఎస్టీ చట్టం 80వ సెక్షన్ ప్రకారం, ఒకేసారి కట్టలేని బకాయిని కమిషనర్ అనుమతితో గరిష్ఠంగా 24 నెలవారీ కిస్తీల్లో కట్టవచ్చు. దరఖాస్తు DRC-20 ఫారంలో పెట్టాలి, ఉత్తర్వు DRC-21 ఫారంలో వస్తుంది. వ్యాపారి తన రిటర్నులో తానే చూపిన పన్నుకు ఈ వీలు లేదు. అది సబబే, కొనుగోలుదారు నుంచి వసూలు చేసిన సొమ్ము కదా. తనిఖీ తర్వాత అధికారులు వేసిన డిమాండ్ల సంగతి వేరు.

ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డు ఒకటి అనుకోండి. ఇనుము అమ్మినవాడు పన్ను జమ చేయలేదు. దాంతో ఇనుము కొన్నప్పుడు ఇచ్చిన పన్నును తన పన్నులోంచి మినహాయించుకుంటూ ఈయన తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను కొట్టేసి, 4,80,000 రూపాయల పన్ను కట్టమన్నారు. 24 కిస్తీలైతే నెలకు అసలు 20,000. ఏడాదికి 18 శాతం వడ్డీ కలిపితే మొదటి నెల 27,200, చివరి నెల 20,300. కిస్తీల కాలానికి వడ్డీయే 90,000 అవుతుంది. చౌక బేరమేమీ కాదు, అయినా షెడ్డు తెరిచి ఉంటుంది.

చిక్కు గడువు దగ్గర వస్తోంది. డిమాండ్ ఉత్తర్వు అందాక కట్టడానికి మామూలుగా మూడు నెలలుంటాయి. ఆ తర్వాత వసూలు మొదలై, ఖాతాలోని సొమ్ము ప్రభుత్వానికి కట్టమంటూ బ్యాంకుకు DRC-13 నోటీసు వెళ్లవచ్చు. 158వ నియమం ప్రకారం, ఎగవేసిన బకాయిపై వసూలు ప్రక్రియ నడుస్తుంటే కిస్తీలు ఇవ్వకూడదు. దరఖాస్తు వచ్చాక కమిషనర్ స్థానిక అధికారి నుంచి వ్యాపారి ఆర్థిక స్తోమతపై నివేదిక తెప్పించుకోవాలి. అదెన్నాళ్లలో రావాలో ఆ నియమం చెప్పదు. గడువులోనే దరఖాస్తు పెట్టినా, నివేదిక ఏ బల్ల మీదో ఆగితే, ఆలోగా మొదలైన వసూలే ఆయన్ను అనర్హుణ్ణి చేస్తుంది. ఖాతా ఆగితే కూలీలకు వారపు బట్వాడా ఆగుతుంది, కిస్తీకి పనికొచ్చే రాబడీ ఆగుతుంది.

నియమం మార్చాలంటే జీఎస్టీ మండలికి వెళ్లాలి. శాఖాపరమైన ఆదేశానికి మీ సంతకం చాలు. మూడు నెలల్లోపు వచ్చిన DRC-20పై 30 రోజుల్లో నిర్ణయం చెప్పాలనీ, అది తేలేవరకు బ్యాంకుకు నోటీసు పంపరాదనీ ఉత్తర్వివ్వండి.

మరొక చిన్న మాట. ఒక్క కిస్తీ తప్పినా మిగిలినదంతా వెంటనే, మరో నోటీసు లేకుండా వసూలు చేయవచ్చు. నెలనెలా 3B రిటర్ను దాఖలు చేసేవారికి 20వ తేదీన ఎలాగూ పన్ను కట్టాల్సి ఉంటుంది. కిస్తీని నెలాఖరుకు పెట్టమని అధికారులకు చెప్పండి.

ఇట్లు,
విజయవాడకు చెందిన ఒక పన్ను సలహాదారు