బోరు మోటారు కాలితే తిట్లు ప్లాంటుకా?

సంపాదకుడు గారికి,

యాసంగి నాట్లు అయిపోయి అందరూ ఒక్కసారి నీళ్లు పెట్టే రోజులు వచ్చాయంటే మా వైపు ఊళ్లలో ఒకటే మాట వినబడుతుంది. పోయిన సీజన్‌లో మా తమ్ముడి 5 హెచ్‌పీ బోరు మోటారు కాలిపోతే వాడు నాకు ఫోన్ చేసి అన్నది కూడా అదే: "అన్నా, భూపాలపల్లిల గంత పెద్ద ప్లాంటు పెట్టుకొని, గీడ మనకు వోల్టేజీ లేకపాయె. ఇంక జర పెంచుమంటే ఏం పోతదే వాళ్లకు?" నేను థర్మల్ ప్లాంటు కంట్రోల్ రూంలో షిఫ్టులు చేసి రిటైరైన మనిషిని కాబట్టి ఈ ప్రశ్న నాకే వేస్తారు, ఫోన్‌లో చెప్పి చెప్పి అలిసిపోయి మీకు రాస్తున్నాను.

ప్లాంటులో మెగావాట్లు పెంచాలంటే బొగ్గు కావాలి. కానీ వోల్టేజీని నిలబెట్టేది రియాక్టివ్ పవర్. మోటారు లోపల అయస్కాంతం తయారవడానికి కావాల్సింది అది, దానికి బొగ్గు ఖర్చు దాదాపు లేదు. జనరేటర్ రోటర్ చుట్టకు ఇచ్చే డీసీ కరెంటును, అంటే ఫీల్డ్ కరెంటును, పెంచితే మెషీన్ రియాక్టివ్ పవర్‌ను బయటికి నెడుతుంది. ఇంతవరకు వింటే మా తమ్ముడి మాట న్యాయమే అనిపిస్తుంది, బొగ్గు అడగని పని కదా, కానిస్తే ఏంటి అని. అడ్డమల్లా ఆ రాగి చుట్టే. రోటర్ తిరుగుతూనే ఆ కరెంటును మోయాలి, కరెంటు పెరిగిన కొద్దీ వేడి దాని వర్గంలో పెరుగుతుంది, ఇన్సులేషన్ మాడితే రోటర్ బయటికి తీసి బాగు చేసేదాకా యూనిట్ నెలల తరబడి పడుకుంటుంది.

కంట్రోల్ రూం స్క్రీన్ మీద దీనికి ఒక బొమ్మ ఉంటుంది, కేపబిలిటీ కర్వ్ అంటారు. నిలువున మెగావాట్లు, అడ్డంగా రియాక్టివ్ పవర్‌ను కొలిచే మెగావార్లు. సగానికి విరిచిన జొన్నరొట్టె లాగా ఉంటుంది, కుడి పక్కన ఎవరో కొరికినట్టు కొంత తగ్గి ఉంటుంది. గుండ్రటి అంచు స్టేటర్, అంటే రోటర్ చుట్టూ కదలకుండా ఉండి కరెంటు బయటికిచ్చే చుట్ట, కరెంటు హద్దు, ఆ కొరికిన చోటు ఫీల్డ్ కరెంటు హద్దు. లోపల ఒక చుక్క కదులుతూ ఉంటుంది, అదే మన మెషీన్. వోల్టేజీ పడిపోయే రోజున ఆ చుక్క కుడి అంచుకు అతుక్కుని కూర్చుంటుంది, డెస్క్ మీద ఉన్నవాడు టీ కూడా తాగడు. (ఎడమ పక్క కూడా ఒక హద్దుంది, రాత్రి లోడు లేక వోల్టేజీ ఎక్కువైనప్పుడు వచ్చే గొడవ, అది వేరే కథ.)

అంకెల్లో చెప్తాను. మన దగ్గర మామూలుగా కనిపించే 500 మెగావాట్ల మెషీన్ 588 ఎంవీఏది, అంటే మెగావాట్లూ మెగావార్లూ కలిపి అది మోయగలిగే మొత్తం బరువు అంత, అందులో మెగావాట్ల వాటా చెప్పే పవర్ ఫ్యాక్టర్ 0.85. ఫుల్ లోడు మీద అది ఇవ్వగలిగేది సుమారు 310 మెగావార్లు. సరే, వోల్టేజీ కోసం 100 మెగావాట్లు తగ్గించుకుందాం అనుకోండి. స్టేటర్ ఒక్కటే హద్దయితే 430 దాకా రావాలి. రాదు. మెషీన్ లోపలి అడ్డును చెప్పే సింక్రనస్ రియాక్టెన్స్ 2.2 అనుకుని కాగితం మీద లెక్క వేస్తే ఫీల్డ్ హద్దు 380 దగ్గరే ఆపేస్తుంది. అంటే గ్రిడ్‌కు 100 మెగావాట్లు లోటు చేసి సంపాదించింది 70 చిల్లర మెగావార్లు, ఎండాకాలంలో ఆ బేరం ఎవడూ ఒప్పుకోడు. పైగా ఆ 310 కూడా మొత్తం బయటికి రాదు. పక్కనే ఉన్న జనరేటర్ ట్రాన్స్‌ఫార్మర్ ఫుల్ లోడు మీద 85 దాకా తానే మింగుతుంది. ప్లాంటు కరెంటంతా గ్రిడ్‌లోకి కలిసే 400 కేవీ బస్సు మీదికి చేరేది 220 మెగావార్లకు అటూ ఇటూ. అక్కడి నుంచి 220, 132, 33, 11 కేవీ అని దిగేకొద్దీ ప్రతి ట్రాన్స్‌ఫార్మర్, ప్రతి లైను తన వాటా తీసుకుంటాయి. మా తమ్ముడి బోరు దగ్గరికి వచ్చేసరికి మిగిలేదేంటో మీరే ఊహించండి.

జనానికి తెలియని అసలు సంగతి ఇంకోటుంది. వోల్టేజీ పడగానే దాన్ని తనంతట తానే సరిచేసే ఏవీఆర్ ఫీల్డ్ కరెంటును హద్దు దాటించి కూడా పెంచుతుంది. 125 శాతం అయితే ఒక నిమిషం దాకా రోటర్ ఓర్చుకుంటుంది. ఆ నిమిషం అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. తర్వాత రోటర్‌ను కాపాడే ఓవర్ ఎక్సైటేషన్ లిమిటర్ రంగంలోకి దిగి కరెంటును హద్దులోకి లాగేస్తుంది, ఇక వోల్టేజీ ఎంత పడినా మెషీన్ పట్టించుకోదు. సరిగ్గా ఆ సమయంలోనే సబ్‌స్టేషన్లలో ట్రాన్స్‌ఫార్మర్ల ట్యాప్ ఛేంజర్లు చుట్ల లెక్క మారుస్తూ కింద వోల్టేజీని పైకి లేపుతాయి, లోడు మళ్లీ పెరుగుతుంది, పైనున్న లైన్లు ఇంకా కుంగుతాయి. డెస్క్ మీద దీన్ని గుర్తుపట్టడం తేలికే: ఫీల్డ్ కరెంటు మీటరు కదలదు, టెర్మినల్ వోల్టేజీ మాత్రం జారుతూ ఉంటుంది.

2003 ఆగస్టు 14న అమెరికా, కెనడాల్లో సుమారు 5 కోట్ల మందికి కరెంటు పోయిన రోజున మొదట జరిగిన వాటిలో ఇలాంటిదొకటి ఉంది. ఒహాయోలో ఈస్ట్‌లేక్ 5వ యూనిట్ నుంచి ఇంకాస్త రియాక్టివ్ పవర్ పిండబోతే ఎక్సైటేషన్, అంటే ఫీల్డ్ కరెంటు ఇచ్చే ఏర్పాటు, ఆటో నుంచి మాన్యువల్‌కు పడిపోయి, మధ్యాహ్నం 1:31కి యూనిట్ ట్రిప్ అయింది. అదొక్కటే కారణం కాదు, చెట్లకు తగిలిన లైన్లు, పనిచేయని అలారం సాఫ్ట్‌వేరు కూడా ఉన్నాయి. కానీ "జర పెంచుమంటే ఏం పోతది" అనేవాళ్లకు ఇది చెప్తుంటాను.

మరి మోటారు ఎందుకు కాలింది? నేను ఊరికి పోయి స్టార్టర్ డబ్బా తెరిచి చూశాను. కెపాసిటర్ లేదు, రెండు వైర్లు టేపు చుట్టి వేలాడుతున్నాయి. అడిగితే "గది దండుగ అని మెకానిక్ పీకేసిండు" అన్నాడు. మోటారుకు కావాల్సిన రియాక్టివ్ పవర్‌ను అక్కడికక్కడే ఇచ్చేది కెపాసిటర్. 5 హెచ్‌పీ మోటారుకు 2 కేవార్‌ది పెట్టాలి, వెయ్యి కేవార్లయితే ఒక మెగావార్. అది లేకపోతే 0.75 పవర్ ఫ్యాక్టర్ మీద ఆ మోటారు 4 కేవార్ దాకా లైను నుంచి గుంజుతుంది. చుట్టుపక్కల ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీదున్న మోటార్లన్నీ అలాగే గుంజితే చివరి పొలంలో వోల్టేజీ పడుతుంది, వోల్టేజీ పడితే మోటారు ఇంకా ఎక్కువ కరెంటు తీసుకుంటుంది, చివరికి రివైండింగ్ షాపు. లక్ష మోటార్లకు తలా 2 కేవార్ పెడితే 200 మెగావార్లు. ఒక 500 మెగావాట్ల యూనిట్ 400 కేవీ బస్సు మీదికి ఇవ్వగలిగేదానికి దగ్గర దగ్గర అంతే, కాకపోతే ఇది సరిగ్గా కావాల్సిన చోట పుడుతుంది, దారిలో ఎవరూ మింగరు. కెపాసిటర్‌కూ ఒక లోపముంది, వోల్టేజీ 10 శాతం తగ్గితే అదిచ్చేది 19 శాతం తగ్గుతుంది. అందుకే పడిపోకముందే పెట్టి ఉండాలి.

అధికారులను నేను అడిగేది రెండు విషయాలు. 33/11 కేవీ సబ్‌స్టేషన్లలో కెపాసిటర్ బ్యాంకులు ఎన్ని ఉన్నాయి, అందులో ఎన్ని నిజంగా ఆన్‌లో ఉన్నాయి, యాసంగికి ముందే మండలాల వారీగా నోటీసు బోర్డు మీద పెట్టండి. చాలాచోట్ల ఫ్యూజు పోయిన బ్యాంకు పోయినట్టే ఉంటుంది. రెండోది, ప్లాంట్లలో లిమిటర్ సెట్టింగును ఎవరో ఎప్పుడో భయపడి కర్వ్‌కు బాగా లోపలే పెట్టేసి వదిలేస్తే మెషీన్‌కు ఉన్న శక్తి కూడా గ్రిడ్‌కు అందదు, ప్రతి ఓవర్‌హాల్ తర్వాత టెస్టు చేసి అసలు హద్దు ఎక్కడుందో చూడండి.

మా తమ్ముడి స్టార్టర్‌కు కొత్త కెపాసిటర్ నేనే దగ్గరుండి పెట్టించాను. పక్క పొలం వాళ్లది ఇంకా వేలాడుతూనే ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఇంజనీరు, హన్మకొండ