60×40 పందిరికి 24 రాటలే పంపిన విషయమై ఫిర్యాదు

షామియానా సరఫరా సంస్థ యజమాని గారికి,

అయ్యా,

శ్రీరామనవమి కల్యాణానికి మా కాలనీ మైదానంలో 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు పందిరి వేయమని మీకు రూ.36,000 చెల్లించాము. మీరిచ్చిన అంచనా కాగితం మీద ‘పది అడుగులకు ఒక రాట, నడిమి వరుస 14 అడుగులు, అంచులు 10 అడుగులు’ అని మీ చేతిరాతే ఉంది. వచ్చినవి మాత్రం 24 రాటలు.

అడిగితే మీ గుమాస్తా గారు ‘2,400 చదరపు అడుగులు, వందకొకటి చొప్పున 24, లెక్క సరిపోయింది’ అన్నారు. రాటలు నేల వైశాల్యాన్ని బట్టి కావు, వరుసలను బట్టి లెక్కపెట్టాలి. పొడవులో పదేసి అడుగుల ఖాళీలు ఆరు వస్తాయి కాబట్టి రాటలు ఏడు కావాలి. వెడల్పులో ఖాళీలు నాలుగు, రాటలు ఐదు. ఏడు ఐదుల 35. చివరి రాటను మరిచిపోతే పందిరి దేనిమీద నిలుస్తుంది?

తక్కువైన 11 రాటలకంటే పెద్ద నష్టం మరొకటి జరిగింది. 24 రాటలను ఆరేసి చొప్పున నాలుగు వరుసలుగా పాతారు. నాలుగు వరుసలకు నడిమి వరుస ఉండదు. అందువల్ల వెన్ను లేచి నిలవాల్సిన చోట 13 అడుగుల మేర బట్ట చదునుగా పరుచుకుంది.

బట్ట సంగతీ ఇంతే. మీ పట్టీ వెడల్పు 12 అడుగులు. 60ని 12తో భాగించి ఐదు పంపారు. ఒకదానిపై ఒకటి అడుగు మేర కప్పి కుట్టాలి కదా, నాలుగు అతుకులకు నాలుగడుగులు పోయి పందిరి 56 అడుగుల దగ్గరే ఆగిపోయింది. ఆరో పట్టీ తప్పనిసరి. వాలుకు పోయేది నిజానికి స్వల్పమే: నాలుగడుగులు ఎత్తిన కప్పుకు 40 అడుగుల వెడల్పు మీద పది అంగుళాల బట్ట అదనంగా పడుతుంది. మీ పట్టీలు 42 అడుగుల పొడవున్నాయి, అందులో మీ తప్పు లేదు.

తలంబ్రాల వేళకు జల్లు మొదలైంది. కప్పులేని నాలుగడుగుల కిందే పానకం బిందెలు, వడపప్పు పళ్లేలు ఉన్నాయి. నడుమ చదును బట్ట కడవలా కిందికి దిగింది. రెండు మీటర్ల చదరంలో జానెడు కన్నా తక్కువ, పది సెంటీమీటర్ల నీరు నిలిచినా 400 కిలోల బరువు. మా కుర్రవాళ్లు వెదురు కర్రతో పైకి ఎత్తబోతే అతుకు చిరిగి, పక్క రాట మేకు ఊడి వంగిపోయింది. ముసలివాళ్లను అప్పుడే లేపి పంపాము కనుక ఎవరికీ దెబ్బ తగలలేదు.

అంచనా ప్రకారం రావాల్సిన 11 రాటలు, ఒక పట్టీ రాలేదు కనుక రూ.12,000 వారం రోజుల్లో తిరిగి ఇవ్వండి. చిరిగిన బట్టకు మా దగ్గర వసూలు చేస్తామని మీ మనిషి అన్న మాటను లిఖితపూర్వకంగా ఉపసంహరించుకోండి. అంచనా కాగితం నకలు, వంగిన రాట ఫోటోలు జతచేశాను. గడువులోగా జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాము.

ఇట్లు,
కాలనీ ఉత్సవ సంఘం కార్యదర్శి