‘ఒక శాతం’ మాట ఎక్కడిది?

సంపాదకులు గారికి,

నమస్కారం. మొన్న ఆదివారం మీ ఆరోగ్య పేజీలో, డాక్టరు రాసిస్తే మార్ఫిన్ జాతి నొప్పి మందులకు అలవాటు పడేవాళ్లు ఒక శాతం కూడా ఉండరని రాశారు. మా అమ్మకు మోకాళ్ల నొప్పులకు ఇప్పుడు అలాంటి మాత్రలే నడుస్తున్నాయి, అందుకే ఆ మాట మూలం ఏంటో చూద్దామని కూర్చున్నా. ఒక వ్యాసం ఇంకో వ్యాసాన్ని చూపిస్తుంది, అది మరోదాన్ని, చివరికి తేలింది 1980 జనవరిలో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక ఉత్తరం. అధ్యయనం కాదండీ, ఇలాగే సంపాదకుడికి రాసిన ఉత్తరం, మొత్తం ఐదే వాక్యాలు!

అందులో ఉన్నది ఇంతే: ఆసుపత్రిలో చేరి, కనీసం ఒక్కసారైనా ఆ మందు తీసుకున్న 11,882 మందిలో, ముందు వ్యసనం లేనివాళ్లలో నలుగురికే అలవాటైనట్టు నమోదైంది. ఒక్క డోసు తీసుకున్నవాళ్లూ ఆ లెక్కలోనే ఉన్నారు. ఇంటికెళ్లాక నెలల తరబడి మింగినవాళ్ల సంగతి అందులో లేనే లేదు. మా అమ్మది సరిగ్గా ఆ పరిస్థితే.

2017లో అదే జర్నల్‌లో కొందరు పరిశోధకులు లెక్క తీస్తే, ఈ ఉత్తరాన్ని ఉటంకించిన 608 రచనల్లో 439 దీన్ని వ్యసనం అరుదనడానికి రుజువుగా చూపించాయి. 491 రచనలైతే వాళ్లు ఆసుపత్రిలో ఉన్న రోగులన్న ముక్కే వదిలేశాయి.

దయచేసి సవరణ వేయండి, ఆ ‘ఆసుపత్రిలో’ అన్న మాటతో సహా.

— ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం