విషయం: పంపు డేటాషీట్‌లో ఫ్లో యూనిట్ తప్పు పడటం గురించి

సాంకేతిక విభాగం వారికి,

నమస్కారం. మీ సెంట్రిఫ్యూగల్ పంపు డేటాషీట్ రెండో పేజీ పట్టికలో ఫ్లో 36 L/s, హెడ్ 40 మీటర్లు, మోటారు 7.5 కిలోవాట్లు అని ఉంది. అది చూసే పంపు కొన్నాం. ఆ లెక్కన మా 54 ఘనపు మీటర్ల ట్యాంకు 25 నిమిషాల్లో నిండాలి. గంటన్నర పడుతోంది.

సక్షన్ లైన్‌లో గాలి చేరుతోందని మీ సర్వీసు మనిషి ఫుట్‌వాల్వ్ మార్పించారు. తర్వాతా అదే గంటన్నర. నిజానికి డెలివరీ గేజీ ముల్లు 3.9 బార్ దగ్గర, అంటే దాదాపు 40 మీటర్ల హెడ్ దగ్గర, కదలకుండా నిలబడింది. పంపు గాలి పీలుస్తుంటే ముల్లు ఊగుతూ ఉంటుంది.

చివరికి 90 నిమిషాల్ని 25తో భాగించి చూశాను. 3.6 వచ్చింది. సెకనుకు ఒక లీటరంటే గంటకు 3.6 ఘనపు మీటర్లు కదా! అనుమానం అక్కడే మొదలైంది. నాలుగో పేజీలో మీ కర్వ్ తీస్తే, 40 మీటర్ల హెడ్ దగ్గర ఫ్లో 36 అనే ఉంది. కానీ ఆ అక్షం మీద యూనిట్ m³/h. అంటే సెకనుకు 10 లీటర్లే.

ఏది నిజమో పవర్ లెక్కే చెబుతుంది. సెకనుకు 36 లీటర్ల నీటిని 40 మీటర్లు ఎత్తాలంటే, నష్టాలేవీ లేకపోయినా 14.1 కిలోవాట్లు కావాలి. 7.5 కిలోవాట్ల మోటారు అంత ఇవ్వలేదు. 10 లీటర్లకైతే 3.9 కిలోవాట్లు. పంపు ఎఫిషియన్సీ 65 శాతం అనుకున్నా షాఫ్ట్ దగ్గర 6 కిలోవాట్లతో సరిపోతుంది. ఈ లెక్క కొనకముందే నేను చేసుకోవాల్సింది, ఒప్పుకుంటాను. కానీ పట్టిక అచ్చువేసింది మీరు.

అదే పట్టికలో కేసింగ్ గరిష్ఠ పీడనం 1 kPa అని ఉంది. అది పది సెంటీమీటర్ల నీటి ఎత్తు. 1 MPa అయి ఉంటుందని ఎవరైనా నవ్వుకుని దిద్దుకుంటారు. వెయ్యి రెట్ల తప్పు తనంతట తానే బయటపడుతుంది. 3.6 రెట్ల తప్పు అలా కాదు, 36 L/s చదవడానికి మామూలు పంపులాగే కనిపిస్తుంది.

కాబట్టి ఈ పంపు వెనక్కి తీసుకుని, 40 మీటర్ల హెడ్ దగ్గర నిజంగా సెకనుకు 36 లీటర్లు ఇచ్చే మోడల్ ఇవ్వండి, లేదా బిగింపు ఖర్చుతో సహా డబ్బు తిరిగి ఇవ్వండి. డేటాషీట్ దిద్ది కొత్త రివిజన్ నంబరుతో విడుదల చేయండి. పాతది చూసి కొన్నవాళ్లందరికీ కబురు పెట్టండి. గేజీ, ట్యాంకు రీడింగులు, రెండు పేజీల నకళ్లు జతచేశాను. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కావాలి.

ఇట్లు,
మీ పంపు కొన్న మెకానికల్ ఇంజినీరు