బస్సు పడనివాళ్ళకి వెనక సీటు అమ్మకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది పలమనేరు దగ్గర ఒక పల్లె. బెంగళూరొచ్చి 18 ఏళ్ళయింది, రామమూర్తి నగర్‌లో చిన్న మెడికల్ షాపు నడుపుకుంటున్నా. శుక్రవారం సాయంత్రం ఏడు దాటిందంటే చాలు, భుజాన బ్యాగులు వేసుకుని చంకలో పిల్లల్ని పెట్టుకుని వచ్చేస్తారు, "అన్నా, బస్సు టాబ్లెట్ ఒకటియ్యి, పది నిమిషాల్లో బస్సొస్తాది" అని. పది నిమిషాల్లో బస్సుంటే ఆ టాబ్లెట్ ఏం పనిచేస్తుందని నేను చెప్పబోయేలోపు ఆటో ఎక్కేస్తారు. మళ్ళీ సోమవారం వచ్చి నీ టాబ్లెట్ పనిచెయ్యలేదు అని నా మీదే పడతారు. సరే, అది మా షాపు గోల. ఈ లెటరు రాసేది బస్సులవాళ్ళ కోసం, ఎందుకంటే టాబ్లెట్ కంటే ముందు చూడాల్సింది సీటు, ఆ సీటు సంగతి టికెట్ అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు.

పోయిన వేసవి సెలవుల్లో తిరుపతికి పోయాం, నేను, మా ఆవిడ, మా పాప. పాపకి 9 ఏళ్ళు. అసలు రెండేళ్ళలోపు పిల్లలకి ఈ బస్సు పడకపోవడం పెద్దగా ఉండదు, ఎక్కువ అవస్థ పడేది స్కూలు వయసు పిల్లలే, అందులో మా పాప ఫస్ట్ ర్యాంకు. టికెట్లు లేటుగా చూశాను, పొద్దున ఆరు గంటల సీటర్ బస్సులో ముందు మూడు సీట్లు ఖాళీ ఉన్నాయిగానీ ఒక్కోటి 180 రూపాయలు ఎక్కువ, మనకెందుకులే అని చిట్టచివరి వరస కొన్నాను. మెడికల్ షాపువాణ్ణి అయ్యుండి నేను చేసిన మొదటి తప్పు అదే.

రెండో తప్పు, కేఆర్ పురం దగ్గర అయిదున్నరకి పాపకి పూరీ పెట్టించాను. మూడోది, గొడవ చెయ్యకుండా కూర్చుంటుందని ఫోను చేతికిచ్చాను. హోస్కోటె దాకా బాగానే ఉంది. కోలారు వచ్చేసరికి ఊరికే ఆవలింతలు, మాట లేదు, పెదాలు తెల్లబడ్డాయి, నుదురు ముట్టుకుంటే చల్లగా చెమట. నిద్రొస్తోందేమో అనుకుంది మా ఆవిడ. కాదండీ, వాంతికి ముందు గుర్తులు అవే: ఆవలింతలు, నోట్లో నీళ్ళూరడం, ముఖం పాలిపోవడం. అక్కడే ఫోను లాక్కుని తల వెనక్కి ఆనించి కళ్ళు మూయించుంటే కొంతైనా ఆగేదేమో. ముళబాగిలు దగ్గర మొదటిది అయిపోయింది, కవర్ వెతికేలోపే. క్లీనర్ వచ్చి బస్సు అంతా నాశనం చేశారని అరుపులు, తీరా చూస్తే బస్సులో ఒక్క కవర్ లేదు, ఒక గుడ్డ లేదు, నా కండువాతోనే తుడిచాను.

అప్పుడు బ్యాగులోంచి టాబ్లెట్ తీసి సగం వేశాను, పది నిమిషాలకి అది కూడా బయటికొచ్చేసింది. ఇది అందరూ చేసే తప్పు. ఒకసారి తిప్పడం మొదలైతే కడుపు పని మందగిస్తుంది, లోపలికి పోయిన మాత్ర అక్కడే కూర్చుంటుంది, పేగులోకి దిగి రక్తంలో కలవదు, తర్వాత వాంతిలో పోతుంది. పలమనేరు దాటాక మొగిలి ఘాట్ మలుపుల్లో ఇంకో మూడుసార్లు. చిత్తూరులో దిగేసి రెండు గంటలు బస్టాండు బెంచీ మీద కూర్చుని, ఓఆర్ఎస్ నీళ్ళు చెంచాతో కొంచెం కొంచెం పట్టించి, ఆ తర్వాత ఇంకో బస్సు ఎక్కాం. గ్లాసు ఎత్తి ఒక్కసారిగా తాగిస్తే అదీ నిలవదు.

వెనక సీటుకి ఎందుకంత అంటే, బస్సు వెనక చక్రం దగ్గర ఆగిపోదు కదా, చక్రం దాటి ఇంకా మూడు మీటర్ల దాకా వెనక్కి వేలాడుతూ ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ వస్తే ఆ తోక భాగం పైకి లేచి పడుతుంది, మలుపులో పక్కకి ఊగుతుంది. మన చెవి లోపల ఒంటి కదలికని పసిగట్టే భాగం ఉంటుంది, అది కదులుతున్నాం కదులుతున్నాం అంటుంది, కళ్ళేమో ఎదుటి సీటు వీపునో ఫోనునో చూసి ఏమీ కదలట్లేదు అంటాయి, ఈ రెండిటికీ పొత్తు కుదరకే ఈ తిప్పుడంతా. వడివడిగా వచ్చే కుదుపులు నడుం నొప్పి తెస్తాయిగానీ వాంతి తేవు, వాంతి తెచ్చేది అయిదారు సెకన్లకి ఒకసారి వచ్చే నిదానమైన ఊపు. అందుకే గతుకుల రోడ్డు కంటే ఘాట్ మలుపులూ, సిటీ ట్రాఫిక్‌లో బ్రేకు, గేరు, బ్రేకు, గేరు అన్నట్టు పోవడమే ఎక్కువ చెరుపు. బ్రిటన్‌లో 3 వేలమందికి పైగా బస్సు ప్రయాణికుల్ని అడిగి చేసిన సర్వే ఒకటి 1999లో అచ్చయింది, ముందున్న రోడ్డు కనిపించనివాళ్ళకే తిప్పడం చాలా ఎక్కువని అందులో తేలింది.

తిరుగు ప్రయాణంలో అన్నీ మార్చాను. టికెట్టు మళ్ళీ వెనకదే దొరికింది, కానీ మూడో వరసలో దారి వైపు కూర్చున్న ఒక కాలేజీ అబ్బాయి, "పర్లేదంకుల్, నేను వెనకకి పోతా" అని లేచాడు. కిటికీ పక్కనే మంచిదని అందరూ అంటారుగానీ, పక్క కిటికీలో చెట్లూ స్తంభాలూ పరిగెడుతుంటే కొంతమందికి ఇంకా తిప్పుతుంది, ముందు అద్దంలోంచి దూరంగా రోడ్డు కనపడాలి, దానికి ముందు వరసల్లో దారి వైపు సీటే నయం. బస్సెక్కడానికి గంటన్నర ముందు రెండు ఇడ్లీలు, నెయ్యి లేదు, సాంబారు లేదు. ఖాళీ కడుపుతో తీసుకుపోతే వాంతి కాదని మా అత్తగారి నమ్మకం, కానీ ఖాళీ కడుపున పైత్యం వచ్చి ఇంకా బాధపడతారు. గంట ముందు ప్రొమెథజీన్ థియోక్లేట్ 25 ఎంజీ మాత్రలో సగం. అవోమిన్ అని అడుగుతారే, అదే. ఫోను నా జేబులో. చిత్తూరు దాటగానే పాప నిద్రపోయింది, మొగిలి ఘాట్ వచ్చిందీ పోయిందీ తెలీదు, ముళబాగిలు దగ్గర లేచి నీళ్ళడిగింది. ఇందులో సీటు ఎంత, మాత్ర ఎంత, ఇడ్లీ ఎంత అంటే విడదీసి చెప్పలేను. ఇంటికొచ్చాక కూడా సాయంత్రం దాకా మత్తుగానే ఉంది, అది ఆ మాత్ర గుణం.

మాత్రల గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తా. వాంతుల మాత్ర అంటే అన్నీ ఒకటి కాదు. ఆపరేషన్ తర్వాతా, కడుపు చెడితేనూ రాసే ఆండన్‌సెట్రాన్ బస్సు తిప్పుడుకి పెద్దగా పనిచెయ్యదు, డాంపెరిడోన్ కూడా అంతే, కానీ జనం ఇంట్లో మిగిలిన ఆ సీసాలే బ్యాగులో వేసుకొస్తారు. దీనికి పనిచేసేవి మత్తు తెచ్చే పాతకాలపు ఎలర్జీ మందులు, ప్రొమెథజీన్, సినరిజీన్ లాంటివి, అవి కూడా గంట రెండు గంటల ముందు వేస్తేనే. ప్రొమెథజీన్ రెండేళ్ళలోపు పిల్లలకి అస్సలు ఇవ్వకూడదు, ఊపిరి మందగించే ప్రమాదం ఉంది, అయిదేళ్ళలోపు అయితే డాక్టరు చీటీ లేకుండా నేను ఇవ్వను. గ్లకోమా ఉన్నవాళ్ళు, ప్రోస్టేట్ వల్ల ఒంటేలుకి ఇబ్బంది పడే పెద్దవాళ్ళు అడక్కుండా వేసుకోకండి. బస్సు దిగి బండి నడపాల్సినవాళ్ళు ఆ ఆలోచన మానుకోండి.

మా ఆవిడకి ఆక్యుప్రెషర్ మీద గురి. మణికట్టు మడత నుంచి మోచేతి వైపు మూడు వేళ్ళ వెడల్పు దిగి, రెండు నరాల్లాగా గట్టిగా తగులుతాయే, వాటి మధ్యలో బొటనవేలితో నొక్కాలి. ఆ మూడు వేళ్ళు పాపవి కావాలి, తల్లివి కాదు, లేదంటే ఇంచీ పైకి పోతుంది, మా ఆవిడ వెళ్ళేటప్పుడు తన వేళ్ళతో కొలిచి అక్కడే నొక్కుతూ కూర్చుంది. ఆపరేషన్ తర్వాత వచ్చే వికారానికి ఇది ఉపయోగపడుతుందనడానికి ఆధారాలున్నాయి, బస్సు విషయంలో మాత్రం ఒకచోట పనిచేసింది, ఒకచోట చెయ్యలేదు. గుండీ ఉన్న బ్యాండ్లు నేనూ అమ్ముతాను, నష్టం లేదు, దాన్ని నమ్మి మిగతావి మానకండి అని చెప్పే అమ్ముతాను.

ఇక బస్సులవాళ్ళకి నా మొర. యాప్‌లో సీట్ల బొమ్మ వేస్తారు, లేడీస్ సీటుకి పింకు రంగు వేస్తారు, ఆ బొమ్మలో వెనక చక్రం ఎక్కడుందో ఒక గీత గీయడానికి ఏమైంది? మామూలు పెద్ద సీటర్లో అది ఇంచుమించు ఎనిమిదో వరస దగ్గర పడుతుంది, బస్సుని బట్టి అటూ ఇటూ. నేను ఇప్పుడు స్టాప్‌లో నిలబడి బయట నుంచి చక్రం మీద ఏ కిటికీ ఉందో లెక్కపెట్టుకుంటున్నా, కొన్నాక లెక్కపెట్టి లాభమేంటి. స్లీపర్లు ఇంకా ఘోరం, డ్రైవర్ క్యాబిన్‌కి తలుపేసి పరదా లాగితే రోడ్డు అన్నదే కనపడదు. అందులో పడుకుని కళ్ళు మూసుకుంటే కొంత నయమే, అదీ కింది బెర్తు, చక్రానికి ముందుదైతే. పై బెర్తు ఊపు ఎక్కువ. కానీ పిల్లలున్నవాళ్ళకి అని చెప్పి మార్చమంటే క్లీనర్ వినడు.

రెండో వరస నుంచి అయిదో వరస దాకా ఒక నాలుగు సీట్లు బస్సు పడదని చెప్పినవాళ్ళకి మామూలు రేటుకే ఉంచండి, బయలుదేరే ముందు గంట దాకా ఎవరూ అడక్కపోతే అప్పుడు మీ ఇష్టమొచ్చిన రేటుకి అమ్ముకోండి. సీటు జేబులో ఒక కవర్ పెట్టండి, రూపాయి కూడా కాదు. సిటీలో ఎక్కించుకునే ఒకటిన్నర గంట ట్రాఫిక్ మీ చేతిలో లేదని నాకూ తెలుసు, అందుకే మా షాపుకొచ్చే తిరుపతివాళ్ళకి మడివాళలో ఎక్కకండి, కేఆర్ పురం దాకా మెట్రోలోనో ఆటోలోనో వచ్చి ఎక్కండి, మాత్ర కూడా ఆ టైము చూసి వేసుకోండి అని చెప్తున్నా. రాత్రి తొమ్మిదింటి బస్సు పదిన్నరకి వస్తే మాత్ర ఏ టైముకి వెయ్యాలో మాత్రం నేను కూడా చెప్పలేను, కాబట్టి బస్సు ఎక్కడుందో చూపించే ఆ లింకు కనీసం రెండు గంటల ముందు పంపండి, పావుగంట ముందు కాదు.

ఇట్లు,
ఒక మెడికల్ షాపు యజమాని,
రామమూర్తి నగర్, బెంగళూరు