వడ్డీ రేటు పక్కన డాలర్ ధర కూడా రాయండి

సంపాదకుడికి,

మా అబ్బాయి సరుకు ఓడల్లో ఇంజినీరు. విశాఖలో ఇలాంటి ఇళ్లు చాలానే ఉన్నాయి. వాడు కాంట్రాక్టు ముగించుకుని వచ్చినప్పుడల్లా డాలర్లను ఎక్కడ వేయాలన్నదే ఇంట్లో టెన్షన్. మొన్న మేం వెళ్లిన బ్యాంకులో గోడ మీద రెండు రేట్లు కనిపించాయి. ఏడాదికి ఎన్‌ఆర్‌ఈ రూపాయి డిపాజిట్‌కు 7 శాతం, ఎఫ్‌సీఎన్‌ఆర్ డాలర్ డిపాజిట్‌కు 4.5 శాతం. "ఏడే ఎక్కువ కదా సార్" అంటూ కౌంటర్‌లోని కుర్రాడు ఫారం ముందుకు జరిపాడు. కానీ ఆ ఏడు శాతం రూపాయల మీద, నాలుగున్నర శాతం డాలర్ల మీద. వాటిని అలా పక్కపక్కన పెట్టి చూస్తే ఏమీ తేలదు.

ఆ ఫారం వెనకే లెక్క వేశాను. మావాడి దగ్గర 10,000 డాలర్లు ఉన్నాయి, ఆ రోజు ధర 85 రూపాయలు. రూపాయల్లోకి మార్చి వేస్తే 8,50,000 కాస్తా ఏడాదికి 9,09,500 అవుతుంది. డాలర్లలోనే ఉంచితే 10,450 డాలర్లు అవుతాయి. 9,09,500ని 10,450తో భాగిస్తే 87 రూపాయల 3 పైసలు వస్తుంది. ఏడాది తర్వాత డాలర్ ఈ ధర దాటితే ఎఫ్‌సీఎన్‌ఆర్ లాభం, దాటకపోతే ఎన్‌ఆర్‌ఈ లాభం. అంటే అసలు ప్రశ్న డాలర్ 2.4 శాతం పెరుగుతుందా లేదా అన్నదే. రెండింటి వడ్డీకీ ఎన్నారైకి ఇక్కడ పన్ను లేదు కాబట్టి లెక్కలో అది రాదు.

2014 మొదట్లో 62 రూపాయల దగ్గర ఉన్న డాలర్ 2024 మొదట్లో 83కి చేరింది, సగటున ఏటా మూడు శాతం. అదే పెరుగుదల ఉంటుందనుకుంటే డాలర్ డిపాజిట్‌కు ఎక్కువగా వచ్చేది 5,400 రూపాయలు మాత్రమే. కానీ ఏ ఏడాదీ సగటులా నడవదు. 2022లో డాలర్ దాదాపు 11 శాతం పెరిగింది. 2017లో మాత్రం ఆరు శాతం దాకా తగ్గింది. అలా తగ్గితే వడ్డీ కలిపినా మావాడికి చేతికొచ్చేది 8,35,000, అంటే అసలుకే గండి.

ఐదు వేల ఆశ కోసం డెబ్బై అయిదు వేలు అటో ఇటో ఊగేటప్పుడు, ఆ డబ్బు చివరికి ఎక్కడ ఖర్చవుతుందో చూడాలని నా అభిప్రాయం. మధురవాడలో ఫ్లాట్ కొనడానికైతే రూపాయల్లో వేయడమే నయం. మనవరాలి అమెరికా చదువుకైతే డాలర్లలోనే ఉంచాలి. ఎందుకంటే రూపాయలు చేసి మళ్లీ డాలర్లు కొనాలంటే బ్యాంకు అమ్మే ధర కట్టాలి, అది కొనే ధరకన్నా ఎప్పుడూ ఎక్కువే.

ఆ 87 రూపాయల 3 పైసల అంకె తేల్చడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. రెండు రేట్లు గోడ మీద రాసే ప్రతి బ్యాంకూ ఆ సమాన ధరను కూడా కిందే రాయాలి. రిజర్వ్ బ్యాంకు దీన్ని తప్పనిసరి చేయాలని కోరుతున్నాను.

– ఒక నావికుడి తండ్రి, గాజువాక, విశాఖపట్నం